దీపావళి ఆదివారం వస్తే సోమవారం ఎవరికి సెలవు?

కొత్త క్యాలెండర్ చేతికి రాగానే ఉద్యోగస్తుడు మొదట వెతికేది ఎర్ర అంకెలనే. సంక్రాంతి ఏ వారం, దసరా ఏ వారం, శుక్రవారమో సోమవారమో పడి మూడు రోజులు కలిసొచ్చే పండుగ ఏదైనా ఉందా అని చూసుకుంటాడు. ఆ లెక్కన 2026 సంవత్సరం కొంచెం నిరాశ పెట్టేదే. మహాశివరాత్రి ఫిబ్రవరి 15, ఆదివారం. దీపావళి నవంబర్ 8, అదీ ఆదివారమే. అంతకుముందు ఏడాది ఇంకా అన్యాయం. 2025లో రిపబ్లిక్ డే, ఉగాది, శ్రీరామనవమి, మొహర్రం నాలుగూ ఆదివారాల్లోనే కలిసిపోయాయి. చాలనట్టు గాంధీ జయంతి, విజయదశమి ఒకే అక్టోబర్ 2న వచ్చి, రెండు సెలవులు కావాల్సినవి ఒక్కటైపోయాయి.

ఇలా ఆదివారంలో పడిపోయిన సెలవుకు బదులుగా మరో రోజు ఇస్తారా? ఆఫీసుల్లో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ల మధ్య ఏటా నలిగే ప్రశ్న ఇది. కొందరు ఇవ్వాల్సిందే అంటారు, కొందరు అలాంటి రూలే లేదంటారు. ఇద్దరూ సగం సగం నిజమే చెబుతున్నారు, ఎందుకంటే ఇద్దరూ మాట్లాడుతున్నది వేర్వేరు సెలవుల గురించి.

సెలవు రోజున పని చేసినందుకు బదులుగా దొరికే సెలవు ఒకటి. ఆఫీసుల్లో కాంప్-ఆఫ్ అనేది దీన్నే. సెలవు వచ్చి వారపు సెలవు మీద పడినందుకు బదులుగా కోరుకునే సెలవు మరొకటి. మన దేశంలో చట్టాలు మొదటిదాన్ని గట్టిగానే పట్టించుకున్నాయి. రెండోదాని విషయంలో మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాయి. పండుగ నాడు డ్యూటీ చేశారా లేదా అన్నది తేల్చుకుంటే, మన దగ్గర మీకు రావాల్సింది ఏదైనా ఉందో లేదో చాలావరకు తేలిపోతుంది. ఆదివారం దీపావళి నాడు ఇంట్లో టపాసులు కాల్చుకుంటూ కూర్చున్నవారికి సోమవారం మామూలు పనిదినమే.

కేంద్ర ప్రభుత్వం ఈ మాటను దాచుకోకుండానే చెబుతుంది. తన కార్యాలయాలకు ఏటా సెలవుల జాబితా పంపేటప్పుడు సిబ్బంది శాఖ అందులో ఒక వాక్యం చేరుస్తుంది. ముందుగా ప్రకటించిన పండుగ సెలవు వారపు సెలవు మీద గానీ, మరే పని లేని రోజున గానీ పడినా, రెండు పండుగలు ఒకే రోజు వచ్చినా, దానికి బదులు సెలవు ఇవ్వకూడదని దాని సారాంశం. 2025 అక్టోబర్ 2న రెండు సెలవులు ఒకటైనా కేంద్ర ఉద్యోగులు నోరు మెదపలేకపోవడానికి కారణం ఈ వాక్యమే.

రాష్ట్రాల్లోనూ అంతే. ఆదివారం పడిన పండుగ జీవోలో పేరుగా మిగులుతుంది తప్ప సోమవారానికి జరగదు. అయితే ప్రభుత్వం తలచుకుంటే సోమవారం సెలవు ఇవ్వలేదా అంటే, ఇస్తుంది. హైదరాబాద్‌లో బోనాలు జరిగేది ఆదివారాల్లో. తెలంగాణ ప్రభుత్వం బోనాల సెలవును సోమవారానికే పెడుతోంది, 2025లో అది జూలై 21. ఇది పోయిన సెలవుకు బదులు కాదు, మొదటి నుంచీ సోమవారం పేరుతోనే ప్రకటించిన సెలవు. పండుగ హడావిడి సోమవారం ఊరేగింపు దాకా సాగుతుంది కాబట్టి అదే సబబు కూడా. కానీ ఆదివారం పండుగకు సోమవారం సెలవు ఇస్తే పాలన ఆగిపోదని దీన్నిబట్టే తెలుస్తోంది.

ఇంకో సంగతి కూడా ముచ్చటగా ఉంటుంది. 2025 జనవరి 1న తెలంగాణ ప్రభుత్వం సెలవిచ్చింది. దానికి బదులుగా ఫిబ్రవరి రెండో శనివారాన్ని పనిదినం చేసింది. ఉద్యోగికి అదనంగా ఒక రోజు ఇచ్చినప్పుడు దాన్ని తిరిగి రాబట్టుకునే లెక్క పక్కాగా ఉందన్నమాట. ఉద్యోగి రోజు ఆదివారంలో పోయినప్పుడు మాత్రం ఆ ఖాతా తెరుచుకోదు. న్యాయస్థానాలకు, ప్రభుత్వ కార్యాలయాలకు సంబంధించిన గడువుల విషయంలో చట్టం ఎంత ఉదారంగా ఉంటుందో చూడండి. ఏదైనా పనికి ఆఖరి తేదీ ఆఫీసు మూసి ఉన్న రోజున పడితే, తెరిచిన మరుసటి రోజు చేసినా గడువులోపే చేసినట్టని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం పదో సెక్షన్ చెబుతుంది. కాగితానికి దొరికిన ఆ వెసులుబాటు మనిషి విశ్రాంతికి దొరకలేదు.

నెల జీతగాడికి ఆదివారం పండుగ వల్ల జేబుకు నష్టమేమీ లేదు, పోయేది విశ్రాంతి ఒక్కటే. రోజువారీ లెక్కన కూలి అందుకునే ఫ్యాక్టరీ కార్మికుడి సంగతి అలా కాదు. వారపు సెలవుకు వేతనం కట్టివ్వని చోట, జాబితాలోని పండుగ సెలవుకు మాత్రం వేతనం వస్తుంది. ఆ రెండూ ఒకే రోజు పడితే ఏమవుతుందో అంకెలు వేసి చూస్తే గానీ అర్థం కాదు.

పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ ఉందనుకుందాం. అందులో ఇద్దరికీ రోజు వేతనం 700 రూపాయలు. ఒకరు ఫిట్టర్, ఆయన వారపు సెలవు ఆదివారం. రెండోవారు బాయిలర్ ఆపరేటర్. బాయిలర్ వారమంతా నడవాలి కాబట్టి అక్కడ సెలవులు వంతులవారీగా ఉంటాయి, ఈయన వంతు మంగళవారం. ఫ్యాక్టరీ పండుగల జాబితాలో ఆ రెండు నెలలకూ గాంధీ జయంతి, దసరా, దీపావళి మాత్రమే ఉన్నాయనుకుందాం.

2026 నవంబర్‌లో ఆదివారాలు అయిదు. ఫిట్టర్‌కు మిగిలేవి 25 రోజులు. దీపావళి ఆయన ఆదివారంలోనే కలిసిపోయింది కాబట్టి 25 రోజులూ పని చేయాలి, 25 రోజుల కూలి 17,500 రూపాయలు. బాయిలర్ ఆపరేటర్‌కు ఆ నెల మంగళవారాలు నాలుగే. మిగిలిన 26 రోజుల్లో ఎనిమిదో తేదీ ఆదివారం ఆయనకు పనిదినమే, అందుకే దీపావళి నిజమైన వేతన సెలవు అయింది. ఆయన కూడా చేసింది 25 రోజుల పనే, చేతికొచ్చేది మాత్రం 26 రోజుల కూలి, 18,200 రూపాయలు. ఒకే గేటు, ఒకే పండుగ, అన్నే రోజుల పని. తేడా 700.

అలాగని బాయిలర్ ఆపరేటర్ అదృష్టవంతుడని అనుకోనక్కర్లేదు. ఒక నెల వెనక్కి వెళ్తే అక్టోబర్‌లో దసరా 20వ తేదీ, సరిగ్గా మంగళవారం. ఆ నెలలో ఆదివారాలూ నాలుగే, మంగళవారాలూ నాలుగే. ఇద్దరికీ 27 రోజుల కూలి వస్తుంది. కానీ ఫిట్టర్‌కు గాంధీ జయంతి, దసరా రెండూ కలిసొచ్చి 25 రోజులు పని చేస్తే చాలు. బాయిలర్ ఆపరేటర్ 26 రోజులు చేయాలి, ఎందుకంటే ఆయన దసరా వారపు సెలవులో మునిగిపోయింది. ఆదివారం సెలవున్న వాళ్ల గోడు క్యాలెండర్ చూసిన అందరికీ కనిపిస్తుంది. మంగళవారమో గురువారమో సెలవున్న ఆసుపత్రి నర్సు, హోటల్ వంటమనిషి, సెక్యూరిటీ గార్డు గోడు క్యాలెండర్‌లో కనిపించదు, వాళ్ల డ్యూటీ చార్టు చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు కథను కొంచెం మారుద్దాం. దీపావళి ఆదివారం ఉదయం ఫ్యాక్టరీలో పంపు ఒకటి మొరాయించింది. ఫిట్టర్‌కు ఫోన్ వచ్చింది. ఆయన వెళ్లి రోజంతా పని చేశాడు. ఇంతసేపూ చేతులు కట్టుకుని కూర్చున్న చట్టం ఇక్కడ లేచి నిలబడుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 1974లో జాతీయ, పండుగ సెలవుల కోసం ఫ్యాక్టరీలకు, సంస్థలకు ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. దాని ప్రకారం జాబితాలోని సెలవు రోజున పని చేయించుకుంటే రెండు దారులు ఉంటాయి. ఆ రోజుకు రెట్టింపు వేతనం ఇవ్వడం ఒకటి, మామూలు వేతనంతో పాటు మరో రోజు వేతన సెలవు ఇవ్వడం రెండోది. మన లెక్కలో అయితే 1,400 రూపాయలు, లేదా 700 రూపాయలు ప్లస్ కూలి పోని ఒక సెలవు. డబ్బు లెక్కలో రెండూ సమానమే. పిల్లల పరీక్షలో, ఊళ్లో పెళ్లో ఉన్నవారికి రెండోది మేలు. అప్పులో ఉన్నవారికి మొదటిది మేలు.

వారపు సెలవుది ఇంకో చట్టం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి ఒక రోజు విశ్రాంతి ఉండాలంది. ఏదైనా మినహాయింపు కింద ఆ రోజు పని చేయించుకుంటే అదే నెలలో గానీ, తర్వాతి రెండు నెలల్లోపు గానీ బదులు సెలవు ఇచ్చి తీరాలంది. 2020లో చేసిన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ ఈ గడువు ఇలాగే ఉంది. అంటే నవంబర్ 8న పోయిన వారపు సెలవు 2027 జనవరి 31 లోపు ఫిట్టర్‌కు తిరిగి రావాలి.

కాబట్టి ఆ ఒక్క ఆదివారం పనికి ఫిట్టర్ అడగాల్సినవి రెండు. పండుగ నాడు పని చేసినందుకు వచ్చేది ఒకటి, వారపు విశ్రాంతి పోయినందుకు వచ్చేది ఇంకొకటి. ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే. టైమ్ ఆఫీసులో గుమస్తా ఒక్క కాంప్-ఆఫ్ రాసి రెంటినీ కలిపి కొట్టేస్తాడు. అడిగితే, "పని చేసింది ఒక్క రోజే కదండీ, సెలవూ ఒక్కటే వస్తుంది" అంటాడు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పోయింది రెండు వేర్వేరు హక్కులు, రెంటి వెనకా వేర్వేరు చట్టాలున్నాయి. నా దృష్టిలో ఒక్క కాంప్-ఆఫ్‌తో సరిపెట్టడం సగం బాకీ ఎగ్గొట్టడమే.

ఇందులో ఇంకో మెలిక ఉంది, తెలివైన యాజమాన్యాలు వాడేది. వారపు సెలవును ఆదివారం నుంచి మరో రోజుకు జరుపుకోవచ్చని ఫ్యాక్టరీల చట్టమే అనుమతించింది. అయితే ఆ కొత్త రోజు ఆదివారానికి ముందు మూడు రోజుల్లో గానీ, తర్వాత మూడు రోజుల్లో గానీ ఉండాలంది. సెలవన్నది లేకుండా వరసగా పది రోజులకు మించి పని చేయించకూడదంది. అన్నిటికన్నా ముఖ్యంగా, మార్పు జరగకముందే ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేసి, ఫ్యాక్టరీలో నోటీసు అంటించాలంది. ఫిట్టర్ వారపు సెలవును నవంబర్ 8 నుంచి 11వ తేదీ బుధవారానికి ముందే జరిపారనుకోండి. నవంబర్ 1న సెలవు తీసుకున్నాక 2 నుంచి 10 వరకు తొమ్మిది రోజులు, 11న విశ్రాంతి. చట్టానికి లోబడే ఉంది. అప్పుడు ఎనిమిదో తేదీ ఆయనకు వారపు సెలవు కాదు, పండుగ సెలవు మాత్రమే. ఆ రోజు పనికి పిలిస్తే పండుగ హక్కు ఒక్కటే మిగులుతుంది, పిలవకపోతే కూలితో కూడిన దీపావళి దక్కుతుంది.

ఇదే మెలికను తలకిందులుగా వాడేవాళ్లే ఎక్కువ. పండుగ గురువారం వచ్చిందంటే, ఆ వారానికి గార్డు వారపు సెలవును కూడా గురువారానికి మార్చేస్తారు. రెండు సెలవులు ఒక్కటవుతాయి, సంస్థకు ఒక మనిషి రోజు మిగులుతుంది. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. హాజరు పట్టికలో వారపు సెలవుకు WO అని, పండుగ సెలవుకు PH అని, బదులు సెలవుకు CO అని గుర్తులు ఉంటాయి. ఏటా మామూలుగా ఆదివారం పడే WO, పండుగ ఉన్న వారంలో మాత్రం పండుగ తేదీ మీదికి నడిచి వెళ్తుంటే అనుమానించాల్సిందే. అలాగే పని చేసిన పండుగ రోజున P బదులు WO కనిపిస్తే, ఆ రోజు మీరు ఇంట్లో ఉన్నట్టు రికార్డయింది, తర్వాత ఏ హక్కూ అడగలేరు. డ్యూటీ చార్టు అంటించిన రోజే ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది, నెలాఖరుకు ఆ చార్టు అక్కడ ఉండకపోవచ్చు.

సాఫ్ట్‌వేర్ కంపెనీల కథ వేరు. అక్కడ శని, ఆదివారాలు రెండూ సెలవే. జాబితా తయారు చేసేవారు ముందే క్యాలెండర్ చూసి, వారాంతంలో పడిన పండుగలను తీసేసి వేరే పండుగలతో సంఖ్య పూడ్చేస్తారు. అందుకే శివరాత్రి జాబితాలో లేదని కొందరు నొచ్చుకుంటారు గానీ, లెక్కకు రావాల్సిన రోజులు దాదాపు వస్తాయి. కాంప్-ఆఫ్ మాత్రం కంపెనీ సొంత నిబంధన ప్రకారం నడుస్తుంది, మేనేజర్ ముందే ఆమోదించకపోతే పుట్టదు, గడువులోపు వాడకపోతే ఆవిరైపోతుంది. ప్రభుత్వోద్యోగులు, టీచర్లు అయితే సెలవు రోజుల్లో డ్యూటీకి సీసీఎల్ అంటారు. జనగణనో, ఎన్నికలో, పరీక్షలో వచ్చినప్పుడు ఇది సంపాదించుకుంటారు. దానికీ ఉత్తర్వు కాగితం కావాలి, నోటి మాట మీద చేసిన ఆదివారం డ్యూటీకి సీసీఎల్ రాదు.

సముద్రం దాటి చూస్తే ఇదే దీపావళి వేరే రకంగా నడుస్తుంది. సింగపూర్‌లో దీపావళి పబ్లిక్ హాలిడే. 2026 నవంబర్ 8 ఆదివారం కాబట్టి, అక్కడ 9వ తేదీ సోమవారం కూడా సెలవు. హైదరాబాద్‌లో ఉన్న అన్న సోమవారం బస్సు ఎక్కి డ్యూటీకి పోతుంటే, సింగపూర్‌లో ఉన్న తమ్ముడు మిగిలిన అరిసెలు తింటూ ఇంట్లో ఉంటాడు. అంతకన్నా గమనించాల్సింది అక్కడి ఉద్యోగ చట్టంలోని రెండో మెట్టు. పబ్లిక్ హాలిడే ఉద్యోగి విశ్రాంతి రోజున పడితే, ఆ విశ్రాంతి రోజు ఏ వారమైనా సరే, వెంటనే వచ్చే పనిదినం అతనికి వేతన సెలవు. అంటే మన బాయిలర్ ఆపరేటర్ సింగపూర్‌లో ఉండి, అక్కడి పండుగ మంగళవారం పడితే బుధవారం ఇంట్లో ఉండేవాడు. శనివారం పని లేనివాళ్లకు పండుగ శనివారం వస్తే, విశ్రాంతి రోజు కాకపోయినా, మరో రోజు సెలవో ఒక రోజు జీతమో ఇవ్వాలి.

అమెరికాలో ఫెడరల్ ఉద్యోగులకు శనివారం పడిన సెలవు ముందు శుక్రవారానికి, ఆదివారం పడింది తర్వాతి సోమవారానికి జరుగుతుంది. 2026 జూలై 4 శనివారం కాబట్టి అక్కడ ప్రభుత్వ ఆఫీసులకు 3వ తేదీ సెలవు. జపాన్ 1973 నుంచి ఆదివారం సెలవును సోమవారానికి జరుపుతోంది, శనివారాన్ని మాత్రం పట్టించుకోదు. ఆ సోమవారం కూడా పండుగే అయితే? 2026 మే 3, 4, 5 తేదీలు మూడూ అక్కడ సెలవులు, మొదటిది ఆదివారం. అందుకే బదులు సెలవు మూడింటినీ దాటుకుని 6వ తేదీ బుధవారం మీద పడుతుంది.

మన దగ్గర ఎందుకు లేదంటే వినిపించే జవాబు, మనకు పండుగలు ఎక్కువ కదా అని. కేంద్ర కార్యాలయాలకు ఏటా 17 సెలవులు ఉంటే సింగపూర్‌కు 11. వారానికి రెండు రోజులు సెలవున్న ఆఫీసు ఉద్యోగికి ఈ జవాబు సరిపోతుందనే నేనూ ఒప్పుకుంటాను. వారానికి ఆరు రోజులు నిలబడి పని చేసే మనిషికి, జాబితాలో నాలుగైదు పండుగలే ఉన్న మనిషికి సరిపోదు. అతనికి ఏడాదిలో రెండు పోతే జాబితాలో సగానికి దగ్గరగా పోయినట్టే.

చట్టం మారేదాకా అతనికున్న దారి జాబితా కుదిరే చోట కూర్చోవడమే. పండుగ సెలవుల జాబితా యాజమాన్యం ఒక్కటే రాసుకునేది కాదు, కార్మికులను సంప్రదించి ఖరారు చేయాల్సింది. ఎక్కువ చోట్ల ఏడాది చివర్లో ఈ మాటలు జరుగుతాయి. అప్పుడే ఆదివారం పడుతున్న పండుగను వదిలేసి, వేరే వారం వచ్చే పండుగను పెట్టించుకోవచ్చు. జాతీయ సెలవుల తేదీలు చట్టంలోనే రాసి ఉన్నాయి, అవి కదలవు. వాటికి బదులు రోజు కావాలంటే యూనియన్ ఒప్పందంలో ఒక షరతుగా రాయించుకోవాలి, వారపు సెలవు ఏ రోజైనా వర్తించేలా. 2027లో జనవరి 26 మంగళవారం వస్తోంది, ఆగస్టు 15 ఆదివారం వస్తోంది. మొదటిదాంట్లో బాయిలర్ ఆపరేటర్‌కు పోతుంది, రెండోదాంట్లో ఫిట్టర్‌కు. ఆ షరతు కోసం ఇద్దరూ కలిసి సంతకం పెట్టడానికి ఇంతకన్నా మంచి ఏడాది తొందరగా దొరకదు.